నైట్ షిఫ్ట్ దిగినవాళ్ల ముందు మొదటి నిమిషం

"సార్, నాకు 24 ఏళ్లు. సేఫ్టీలో డిప్లొమా చేసి ఫైర్ ట్రైనర్‌గా కొత్తగా చేరాను. వచ్చే వారం పరవాడ వైపు ఒక ఫార్మా ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగినవాళ్లకి తప్పనిసరి ట్రైనింగ్ ఇవ్వాలి. చాలామందిది ఇరవై ఏళ్ల సర్వీసు. నన్ను నేను ఎలా పరిచయం చేసుకుంటే వింటారు?"

మీ డిప్లొమా, సర్టిఫికెట్లు ఆ మొదటి నిమిషంలో ఎత్తకండి. అక్కడ కూర్చున్నవాళ్ల మనసులో ఉండేవి రెండే: ఇది ఎప్పుడు అయిపోతుంది, మాకు తెలియనిది ఈ కుర్రాడు ఏం చెప్తాడు. మీ పరిచయం ఈ రెండింటికీ జవాబు కావాలి.

దానికి ముందు రోజే వెళ్లాలి. సేఫ్టీ ఆఫీసర్‌ని అడిగి ఫ్లోర్ అంతా ఒకసారి తిరగండి. మంటలార్పే సిలిండర్లు ఎక్కడున్నాయి, గేజ్‌లో ముల్లు పచ్చ భాగంలో ఉందా, దేని ముందైనా డ్రమ్ములు అడ్డం పెట్టారా, అలాగే వాళ్ల బస్సు ఎన్నింటికి, ఇవన్నీ చూసుకోండి. నేనైతే ఈ పని చేయకుండా ఎవరినీ స్టేజీ ఎక్కనివ్వను.

తర్వాత ఇలా మొదలుపెట్టండి: "నమస్కారమండీ, నా పేరు ఫలానా. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చారు, మీ బస్సు 7:45కి, నేను 7:30కి వదిలేస్తాను. ఈ ప్లాంటు గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను నేర్చుకున్నది మంటలార్పే పని. నిన్న మీ ఫ్లోర్ తిరిగాను. మెట్ల దగ్గరున్న 6 కిలోల పౌడర్ సిలిండర్ పిన్ను లాగి నొక్కితే పౌడర్ ఎంతసేపు వస్తుంది? తలా ఒక మాట చెప్పండి."

ఒకరు రెండు నిమిషాలంటారు, ఇంకొకరు ఐదంటారు. నిజానికి వచ్చేది 20 సెకన్లకి అటూ ఇటూగానే. అది విన్నాక, దూరం నుంచి పైపైన మంట మీద కొడితే సిలిండర్ ఊరికే ఖాళీ అవుతుందని వాళ్లకే తడుతుంది, మంట మొదలు మీద గురిపెట్టాలనీ, వెనక బయటికి దారి ఉందో లేదో ముందే చూసుకోవాలనీ మీరు చెప్పేది అప్పుడు చెవికెక్కుతుంది.

అడ్డంగా ఉన్న డ్రమ్ముల సంగతి మాత్రం అందరి ముందు తీయకండి, ఆ ఏరియా సూపర్‌వైజర్ అక్కడే కూర్చుని ఉంటాడు, ఆయన పరువు పోతే గది మొత్తం మీకు ఎదురు తిరుగుతుంది. ముందు రోజే ఆయనకి విడిగా చెప్పి తీయించండి. అలాగే వాళ్ల మెప్పు కోసం మేనేజ్‌మెంట్‌ని తిట్టడం, "గుడ్ మార్నింగ్ గట్టిగా చెప్పండి" అని రెండుసార్లు అనిపించడం వద్దు, నిద్ర లేనివాళ్లకి ఒళ్లు మండుతుంది.

ఎవరైనా మధ్యలో లేచి "అలా కాదు బాబూ, మా దగ్గర సాల్వెంట్ ఉంటుంది" అన్నారంటే కంగారు పడకండి, ఆయన వింటున్నాడని అర్థం. ఆయన్నే ముందుకు పిలిచి ఆ చోటు బోర్డు మీద గీయమనండి. 7:25 అయ్యేసరికి ఎక్కడున్నా ముగింపు మొదలుపెట్టండి.