రాత్రి పూట అమ్మ గదికి ఫ్యాన్ మార్చాలా, కూలర్ కొనాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మ పడుకునే గది 10 అడుగులు, 12 అడుగులు. ఉన్న ఫ్యాన్ పాతది, 75 వాట్స్. రెండో నంబరులో పెడితే గుయ్‌మని మోత, అమ్మకి నిద్ర పట్టదు. షాపులో 1200 ఎంఎం, 52 వాట్స్, 30 వాట్స్, 370 ఆర్‌పీఎం అని ఏవేవో చెబుతున్నారు. ఒకాయన కూలర్ తీసుకోమన్నాడు. ఏది మంచిది?

జవాబు:

కూలర్ వద్దండి. నేను బరంపురంలో ఉంటాను, మా మేనమామ గారు మహారాష్ట్రలోని బల్లార్షాలో ఉంటారు. వాళ్ళ ఇంట్లో మే నెలంతా కూలరే ఆధారం, మా ఇంట్లో అదే కూలర్ పెడితే దుప్పటి కూడా జిగటగా అయిపోతుంది. కూలర్ చల్లబరిచేది నీళ్ళు ఆవిరవడం వల్ల. బల్లార్షా వైపు 44 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి, మంచి కూలర్ నుంచి దాదాపు 29 డిగ్రీల గాలి వస్తుంది. మన వైపు 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున మూడు డిగ్రీలు తగ్గితే గొప్ప. పైగా గదిలో తేమ ఇంకా పెరిగి చెమట ఆరదు. ఉక్కపోతలో ఒంటికి హాయి ఇచ్చేది గాలి కదలికే. కాబట్టి మీ డబ్బు ఫ్యాన్ మీదే పెట్టండి.

ఇక 1200 ఎంఎం అంటే రెక్కలు తిరిగినప్పుడు ఏర్పడే చక్రం అడ్డం కొలత, అంటే 48 అంగుళాలు, నాలుగడుగులు. దాన్నే స్వీప్ అంటారు. మీ గదికి 1200 సరిగ్గా సరిపోతుంది. 900 ఎంఎం తీసుకుంటే దాని ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, ఎక్కువ ఉండొచ్చు కానీ గాలి మంచం అంతా పరుచుకోదు, అంత వేగంగా తిరిగే రెక్కల హోరు కూడా ఎక్కువ. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగి ఇచ్చే గాలే నిద్రకి మంచిది. అందుకే ఆర్‌పీఎం ఒక్కటే చూసి ఫ్యాన్ కొనకండి.

పెట్టె మీద చూడాల్సింది రెండు అంకెలు: నిమిషానికి ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి ఇస్తుంది, దానికి ఎన్ని వాట్స్ తీసుకుంటుంది. 1200 ఎంఎంకి గాలి 210 నుంచి 230 మధ్య ఉంటే బాగుంటుంది. గాలి అంకెని వాట్స్‌తో భాగించండి. మీ పాత ఫ్యాన్ 210 ఇస్తుందనుకున్నా, 75తో భాగిస్తే 3 కూడా రాదు. షాపువాళ్ళు చెప్పిన 52 వాట్స్ ఫ్యాన్‌కి 4 వస్తుంది, అది ఒక స్టార్. 30 వాట్స్‌ది 7, అది ఐదు స్టార్లు. ఫ్యాన్లకి స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది, అందుకే 75 వాట్స్ ఫ్యాన్లు ఇప్పుడు కొత్తగా కనిపించడం లేదు. ఒక్క జాగ్రత్త: వాట్స్ తగ్గించి గాలి కూడా తగ్గించిన ఫ్యాన్లుంటాయి. గాలి అంకె 200 కంటే తక్కువ ఉంటే, ఎన్ని స్టార్లున్నా అమ్మగారి గదికి వద్దు.

రోజుకి 12 గంటలు ఫుల్‌లో తిరిగితే నెలకి పాతదానికి 27 యూనిట్లు, 52 వాట్స్‌దానికి దాదాపు 19, 30 వాట్స్‌దానికి 11. మీ బిల్లులో చివరి స్లాబు యూనిట్ 5 రూపాయలు అనుకుంటే, పాతదానికీ 30 వాట్స్‌దానికీ నెలకి 80 రూపాయల తేడా. ఇది గొప్ప మొత్తమేమీ కాదు. నేను 30 వాట్స్‌దే తీసుకోమనడానికి అసలు కారణం వేరే. దాన్ని బీఎల్‌డీసీ అంటారు, మోటారుతో పాటు లోపల ఒక చిన్న బోర్డు ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజ్ పడిపోయినప్పుడు మామూలు ఫ్యాన్ ఈడుస్తూ తిరుగుతుంది, ఇది వేగం తగ్గకుండా తిరుగుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద రెట్టింపు కంటే ఎక్కువ సేపు వస్తుంది. ఒకటో రెండో నంబరులో అయితే పది వాట్స్ కూడా తీసుకోదు, గుయ్‌మనే మోత కూడా దాదాపు ఉండదు.

శబ్దం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పెట్టె మీద రాయరు. ఫ్యాన్ మోతలన్నీ ఒకటి కావు. ఫుల్‌లో హోరుమనేది గాలి శబ్దం, అది ఏ ఫ్యాన్‌కైనా ఉంటుంది, నంబరు తగ్గిస్తే తగ్గుతుంది. టిక్ టిక్ అని రెక్క తిరిగిన ప్రతిసారీ వస్తే ఏదో స్క్రూ వదులైనట్టు, లేదా రెక్క వంగినట్టు. గరగరమంటే బేరింగు. మీరు చెప్పిన గుయ్‌మనేది మాత్రం ఎక్కువసార్లు కరెంటు మోత. పరీక్ష సులువు: మోత వస్తుండగా స్విచ్ ఆపేయండి. రెక్కలు ఇంకా తిరుగుతుండగానే మోత టక్కున ఆగిపోతే అది కరెంటుది. రెక్కలతో పాటు మెల్లగా తగ్గితే బేరింగో, రెక్కలో.

మా నాన్నగారి గదిలో ఇదే జరిగింది. అయిదులో నిశ్శబ్దం, రెండు మూడులో గుయ్. ఆపగానే ఆగిపోయేది. మేస్త్రీ చూసి, రెగ్యులేటర్ గుండీ మెల్లగా తిరిగే రకం అని చెప్పారు, అంటే నంబర్ల దగ్గర టక్కుమని ఆగదు. ఆ రకం కరెంటు అలని ముక్కలు చేసి పంపుతుంది, మోటారు అందుకే మోగుతుంది. దాన్ని తీసి, కండెన్సర్లతో పనిచేసే అయిదు స్టెప్పుల రెగ్యులేటర్ పెట్టారు. అదే ఫ్యాన్, మోత పోయింది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే మోగితే, తప్పు ఇన్వర్టర్‌ది. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మామూలు ఫ్యాన్లు అలాగే మోగుతాయి.

కాబట్టి షాపుకి వెళ్ళే ముందు ఈ రాత్రే అమ్మగారి ఫ్యాన్‌ని రెండులో పెట్టి ఆపి చూడండి. వెంటనే మోత ఆగిపోతే ముందు రెగ్యులేటర్ మార్పించండి, దానికి ఫ్యాన్ ధరలో చిన్న భాగమే అవుతుంది. గాలి కూడా తగ్గి ఉంటే ఫ్యాన్ కండెన్సర్ కూడా చూడమనండి, అది బలహీనపడితే రెక్కలు మందగిస్తాయి. మోత రెక్కలతో పాటు తగ్గుతుంటే కొత్తది తీసుకోవడమే మేలు.

బీఎల్‌డీసీ కొంటే గోడ మీదున్న పాత రెగ్యులేటర్‌ని దాని లైన్లోంచి పూర్తిగా తీసేయమనండి. రిమోట్‌తోనే స్పీడ్ మార్చుకోవాలి. రెగ్యులేటర్ ఉంచి దాని ద్వారా కలిపితే లోపలి బోర్డు దెబ్బతినొచ్చు. బిగించాక ఒక కర్ర తీసుకుని ఒకే చోట పట్టి, మూడు రెక్కల చివర్లూ సీలింగుకి ఒకే దూరంలో ఉన్నాయేమో మేస్త్రీ ఉండగానే చూడండి. ఒక రెక్క కిందకి ఉంటే కొన్నాళ్ళకి ఊగుతుంది. రెక్కలు నేల నుంచి కనీసం ఎనిమిదడుగులు, సీలింగు నుంచి దాదాపు అడుగు దూరం ఉండాలి. సీలింగుకి మరీ దగ్గరగా ఉంటే పై నుంచి గాలి అందక, ఎంత మంచి ఫ్యాన్ అయినా కింద మంచం దాకా గాలి రాదు.