మెచ్చుకున్నాం కదా, ఎందుకు నొచ్చుకుంది?

"మా భీమవరం ఆఫీసులో చేరిన అమ్మాయితో 'శ్రీకాకుళమంటే నమ్మలేం, యాసే లేదు!' అన్నాం. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. తప్పేంటి?"

ఆ మెచ్చుకోలు లోపల ఇంకో మాట ఉందండీ: మీ యాస తక్కువది, అది లేదు కాబట్టి నువ్వు నయం. వాళ్లమ్మ మాట్లాడేది ఆ యాసే కదా! దీన్నే మైక్రోఅగ్రెషన్ అంటారు. 1970లో అమెరికా మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్, నల్లవారికి రోజూ తగిలే చిన్న అవమానాలకు ఈ పేరు పెట్టారు. ఒక్కసారైతే మరిచిపోవచ్చు. ఆమె హాస్టల్లోనూ ఇదే విని ఉండొచ్చు. హైదరాబాద్‌లో ఎవరైనా మీతో "గోదావరోళ్లలా ఆయ్ అనట్లేదే, బాగుంది" అంటే ఎలా ఉంటుంది?

అందరి ముందూ కాకుండా విడిగా, "యాస గురించి అలా అనకూడదు, సారీ" అనండి చాలు. "సరదాకే అన్నాం" అని మాత్రం కలపకండి. అలా అంటే మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది.