బీచ్ తీగకి రెండు పేర్లుంటే షీటు మీద ఏది రాయాలి?

ప్రశ్న: కొత్తపట్నం బీచ్‌లో ఊదా పూల తీగ తెచ్చి హెర్బేరియం షీటు చేశాను. పాత ఫ్లోరా పుస్తకంలో ఐపోమియా బైలోబా అని ఉంది, నెట్‌లో ఐపోమియా పెస్-కాప్రే అంటున్నారు. ఏది రాయాలి? ఆకులు నల్లబడి బూజు కూడా పట్టింది, ఎందుకు?

పెస్-కాప్రే అనే రాయండి. రెండూ ఒకే మొక్క పేర్లు, కాకపోతే బైలోబా తర్వాత వచ్చింది. 1753లో లిన్నేయస్ ఈ తీగని కాన్వాల్వులస్ అనే ప్రజాతిలో పెట్టి పెస్-కాప్రే అన్నాడు. 1775లో ఫోర్స్‌కాల్ పేరుతో వచ్చిన పుస్తకంలో ఇదే మొక్క ఐపోమియా బైలోబాగా అచ్చయింది. లిన్నేయస్ పేరుని ఐపోమియాలోకి మార్చింది రాబర్ట్ బ్రౌన్, 1818లో.

చాలామంది ఇక్కడే తడబడతారు. ఐపోమియా బైలోబా 1775ది, ఐపోమియా పెస్-కాప్రే 1818ది, మరి ముందుది కదా గెలవాలి అంటారు. నియమం లెక్కేసేది ప్రజాతి పేరు, రెండో పదం కలిసిన జంటని కాదు, రెండో పదాన్ని. జాతి స్థాయిలో ఆ రెండో పదం మొదట ఎప్పుడు అచ్చయిందో అదే దాని వయసు. మొక్కని ఏ ప్రజాతిలోకి మార్చినా ఆ పదం దాంతోపాటే వెళ్తుంది, ఆ కొత్త ప్రజాతిలో అదే పదంతో అప్పటికే వేరే మొక్క ఉంటే తప్ప. కాబట్టి పెస్-కాప్రే వయసు 1753 నుంచి. బైలోబా 22 ఏళ్ళు చిన్నది. 1753 కంటే ముందు పేర్లు మొక్కల్లో అసలు లెక్కలోకే రావు.

షీటు మీద ఇలా రాయండి. మొదటిది ఇప్పటి పేరు, రెండోది దాని మూలం:

```
Ipomoea pes-caprae (L.) R.Br.
Convolvulus pes-caprae L.
```

బ్రాకెట్లో ఉన్నది మొదట పేరు పెట్టినవాడు, బయట ఉన్నది ప్రజాతి మార్చినవాడు. బ్రాకెట్ వదిలేసి రాస్తే బ్రౌనే ఈ పేరు కొత్తగా పెట్టాడని అర్థం మారిపోతుంది. ప్రజాతికి పెద్దక్షరం, రెండో పదానికి చిన్నక్షరం. చేత్తో రాస్తే ఈ రెండు పదాల కింద గీత గీయండి, కర్త పేరు కింద వద్దు. పెస్-కాప్రేలో హైఫన్ ఉండాల్సిందే. రెండు విడి పదాలు కలిసి ఒక్క పదంగా నిలబడిన చోట అది నిలుస్తుంది.

ఇక నల్లబడటం, బూజు. ఈ తీగ ఆకు దళసరి, కాడ లావు, తుంచితే పాలు కారతాయి, పైగా ఒళ్ళంతా ఉప్పు ఇసుక. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటూనే ఉంటుంది. గడ్డి మొక్కకి సరిపోయే పద్ధతి దీనికి చాలదు. మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, ఆ తర్వాతే మొక్కని నొక్కి ఆరబెట్టే ప్రెస్‌లో పెట్టాలి.

తీగ మొత్తం షీటు మీద పట్టదు, అక్కర్లేదు కూడా. మన షీటు సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు. అందులో ఇమిడేటట్టు వేళ్ళున్న ఒక కణుపు, చిగురు, పువ్వు, కాయ ఉన్న ముక్క తీసుకోండి. లావు కాడని బ్లేడుతో నిలువునా చీల్చి సగం తీసేస్తే త్వరగా ఆరుతుంది. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుపోతుంది. పువ్వుని అక్కడికక్కడే విప్పి కాగితం మధ్య పెట్టాలి, సంచిలో ఇంటికి తెస్తే ముద్దే మిగులుతుంది. ఆకుల్లో ఒకటి రెండు తిరగేసి వెనకవైపు కనపడేలా పెట్టండి. ఆకు కొన నొక్కు ఎంత లోతుగా ఉందో తెలిసేలా కొన్నైనా చదునుగా ఉండాలి, ఈ జాతిలో ఉపజాతులని వేరు చేసేది ఎక్కువగా ఆ నొక్కే. కాయ పగిలితే నూగున్న గింజలు రాలతాయి, వాటిని చిన్న కాగితం కవర్లో వేసి షీటుకే అంటించండి.

ప్రెస్‌లో న్యూస్‌పేపర్ మడత, దానికి అటూ ఇటూ అద్దుడు కాగితాలు, నాలుగైదు మొక్కలకొకసారి అట్టపెట్టె ముక్క. ఆదివారం అనుబంధాల నున్నటి కాగితం వాడొద్దు, అది తడి పీల్చదు. 24 గంటల్లోపు విప్పాలి. అప్పటికి మొక్క వాడి మెత్తబడి ఉంటుంది, ముడతపడ్డ ఆకు సర్దడానికి అదే ఆఖరి అవకాశం. అక్కణ్ణుంచి వారం రోజులు రోజూ కాగితాలు మార్చాలి, తర్వాత రోజు మార్చి రోజు. తడిసిన కాగితాలని ఎండలో ఆరబెట్టుకోండి గానీ మొక్కని మాత్రం ఎండలో పెట్టకండి, ముడుచుకుని పెళుసవుతుంది. కాగితాలు మార్చకపోతే ఆకు ప్రాణంతోనే రోజుల తరబడి కుమిలి నల్లబడుతుంది, ఆ తడి మీదే బూజు పుడుతుంది. మీకు జరిగింది ఇదే. ఆరిందో లేదో తేల్చడానికి ఆకుని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్ళున్నట్టే.

అతికించేటప్పుడు సెల్లోటేపు జోలికి పోవద్దు. పసుపు పచ్చగా మారి ఊడి వస్తుంది, వస్తూ ఆకు పొరని కూడా పీకుతుంది. లావు కాడకి దారంతో కుట్టు వేయండి, మిగతాచోట్ల జిగురు కాగితం పట్టీలు. పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్‌లో ముంచమని ఇంకా చెప్పేవాళ్ళున్నారు. పాదరసం విషం అది, ఆ షీటు ముట్టుకున్న ప్రతివాడి చేతికీ అంటుతుంది. దయచేసి ఆపేయండి. పూర్తిగా ఆరిన షీటుని పాలిథిన్ కవర్లో గట్టిగా మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో వారం ఉంచితే చాలు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

నా పట్టుదల మాత్రం లేబుల్ మీద. పేరు తప్పయితే రేపు ఎవరైనా షీటు చూసి దిద్దుతారు, మీరు చూసిన చోటు రాయకపోతే దాన్ని ఎవరూ దిద్దలేరు. "ఒంగోలు దగ్గర" అని రాసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. జిల్లా పేరొక్కటే రాసినా అంతే. కందుకూరునే చూడండి, 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఉత్త జిల్లా పేరున్న షీటుతో ఆ ఊరు దొరకదు. ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, అలల అంచు నుంచి ఎంత దూరం, ఇసుక దిబ్బ మీదా వెనకా, తేదీ, సేకరించినవాళ్ళ పేరు, నంబరు రాయండి. ఎండితే పోయేవన్నీ అక్కడే నోట్‌బుక్‌లో ఎక్కించాలి: పువ్వు రంగు, పాలు, తీగ ఎంత దూరం పాకింది. మొక్కకి కట్టే చీటీ మీద నంబరు పెన్సిల్‌తోనే వేయండి, పెన్ను తడికి అలుక్కుపోతుంది. ఒక నంబరు ఒకే సేకరణకి, దాని నకళ్ళన్నిటికీ అదే నంబరు.

మీ షీటు మీద ఇప్పటికే బైలోబా అని రాసి ఉంటే కొట్టెయ్యకండి, దాని మీద కాగితమూ అంటించకండి. పక్కన చిన్న చీటీ అంటించి కొత్త పేరు, నిర్ణయించినవారి పేరు, ఏడాది రాయండి. బూజు పట్టిన ఆకులున్న మడత మాత్రం పారేసి మళ్ళీ తెచ్చుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన కోస్తాలో వానలు, గాలిలో చెమ్మ ఎక్కువ, అప్పుడు కాగితం కూడా ఆరదు. సంక్రాంతి దాటాక వెళ్ళండి.