బడ్జెట్ షీట్‌లో వరుసలు చేర్చినా సబ్‌టోటల్, శాతాలు పాడవకుండా ఫార్ములాలు ఎలా పెట్టాలి?

ప్రశ్న: విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ లెక్కలు ఈ ఏడాది నా చేతికొచ్చాయి. బడ్జెట్ షీట్‌లో కొత్త ఖర్చు చేర్చిన ప్రతిసారీ ఏదో ఒక సబ్‌టోటల్ తప్పుతోంది. శాతాలు కలిపితే వంద రావట్లేదు. ఒకసారి సరిచేస్తే మళ్లీ పాడవకుండా ఉండే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు:

గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్‌కి నేను ట్రెజరర్‌ని. ఇరవై ఫ్లాట్లు. మీరు చెప్పిన తప్పే మాకు ఒక వేసవిలో 24,000 రూపాయల లోటు తెచ్చింది. అది ఎలా జరిగిందో ముందు చెప్తాను, ఎందుకంటే మీ షీట్‌లోనూ దాదాపు అదే ఉండి ఉంటుంది.

మా నెల బడ్జెట్‌లో మూడు విభాగాలు. జీతాలు 16,000, కరెంటు-నీళ్లు 12,000, రిపేర్లు 8,000. మొత్తం 36,000, ఫ్లాట్‌కి 1,800. కరెంటు విభాగంలో రెండే వరుసలు ఉండేవి. C7లో కామన్ కరెంటు బిల్లు 9,000, C8లో జనరేటర్ డీజిల్ 3,000. వాటి కింద C9లో `=SUM(C7:C8)`. ఏప్రిల్‌లో బోరు అడుగంటింది, ట్యాంకర్లు తెప్పించాల్సి వచ్చింది. నేను సబ్‌టోటల్ వరుస మీద రైట్ క్లిక్ చేసి, పైన ఒక వరుస చేర్చి, "నీళ్ల ట్యాంకర్లు 8,000" అని రాశాను. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంది. కానీ సబ్‌టోటల్ మాత్రం 12,000 దగ్గరే ఉండిపోయింది. ఫ్లాట్‌కి 2,200 వసూలు చేయాల్సింది 1,800 చొప్పునే మూడు నెలలు తీసుకున్నాం. జూన్ ఆఖర్న ట్యాంకర్ అతనికి ఇవ్వడానికి బ్యాంకులో డబ్బు లేనప్పుడు గానీ నాకు తెలియలేదు.

కారణం ఇదీ. `C7:C8` అని రాసినప్పుడు ఆ రెండు సెల్స్ మధ్యలో వరుస చేరిస్తే రేంజ్ పెరుగుతుంది. చివరి సెల్ కింద చేరిస్తే అది రేంజ్‌కి బయట పడుతుంది. మొదటి సెల్ పైన చేర్చినా అంతే, రేంజ్ మొత్తం ఒక మెట్టు కిందికి జరుగుతుంది తప్ప కొత్త వరుసని కలుపుకోదు. మనం కొత్త ఖర్చు రాసేది ఎప్పుడూ చివర్నే కాబట్టి దెబ్బ తగిలేదీ అక్కడే. ఎక్సెల్‌లో ఒక్కోసారి కొత్త అంకె కొట్టగానే ఫార్ములా దానంతట అదే పెరుగుతుంది (సెట్టింగ్స్‌లో `Extend data range formats and formulas` అని ఉంటుంది). అన్నిసార్లూ పెరగదు. ఒకసారి పెరగడం చూసినవాళ్లు ఎప్పుడూ పెరుగుతుందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు మా షీట్ ఇలా ఉంది. ప్రతి విభాగానికీ పైన పేరున్న వరుస ఒకటి, ఖర్చులయ్యాక సబ్‌టోటల్‌కి ముందు ఒక ఖాళీ వరుస. ఆ ఖాళీ వరుసని సన్నగా చేసి బూడిద రంగు వేశాను. B కాలమ్‌లో "కొత్త ఖర్చు ఈ గీతకి పైన చేర్చండి" అని రాసి పెట్టాను. సబ్‌టోటల్ రేంజ్ విభాగం పేరున్న వరుస నుంచి ఈ బూడిద వరుస దాకా పోతుంది. పేరున్న వరుసలో C కాలమ్ ఖాళీ, బూడిద వరుసలోనూ ఖాళీ, కాబట్టి కూడికకి ఏ తేడా రాదు. పైన చేర్చినా కింద చేర్చినా కొత్త వరుస ఈ రెండింటి మధ్యలోనే పడుతుంది.

కరెంటు విభాగం ఇప్పుడు 7వ వరుసలో పేరుతో మొదలవుతుంది. 8, 9లో ఖర్చులు, 10 బూడిద వరుస, 11 సబ్‌టోటల్. మూడు విభాగాలయ్యాక 17వ వరుస కూడా బూడిద రంగే, 18లో మొత్తం. ఫార్ములాలు ఇవి:

```
C6   =SUBTOTAL(9,C2:C5)
C11  =SUBTOTAL(9,C7:C10)
C16  =SUBTOTAL(9,C12:C15)
C18  =SUBTOTAL(9,C1:C17)
```

ఇందులో `9` అంటే కూడమని. `SUM` బదులు `SUBTOTAL` ఎందుకంటే, తన రేంజ్‌లో ఇంకో `SUBTOTAL` కనిపిస్తే దాన్ని వదిలేసి మిగతావి మాత్రమే కూడుతుంది. అందుకే C18 కాలమ్ మొత్తాన్నీ కూడినా ఏదీ రెండుసార్లు లెక్కకి రాదు. మా పాత షీట్‌లో మొత్తానికి `=C5+C9+C13` అని ఉండేది. దాంతో చిక్కేంటంటే, రేపు "సీసీ కెమెరాలు" అని నాలుగో విభాగం పెడితే అది అందులో చేరదు, మనం గుర్తుపెట్టుకుని రాయాలి. ఇప్పుడు ఆ బాధ లేదు. 12 నుంచి 16 దాకా వరుసలు కాపీ చేసి, 17వ వరుస పైన చేర్చి, పేర్లూ అంకెలూ మారిస్తే చాలు. గూగుల్ షీట్స్ అయితే ముందు ఐదు ఖాళీ వరుసలు చేర్చి అక్కడ పేస్ట్ చేయండి. C18 రేంజ్ C1 శీర్షిక నుంచి మొదలవడానికీ కారణం ఇదే, ఎవరైనా మొదటి విభాగానికి పైన కొత్త విభాగం పెట్టినా కలిసిపోతుంది. శీర్షికలో ఉన్నది అక్షరాలు కాబట్టి కూడికలోకి రాదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. షీట్‌కి ఫిల్టర్ పెడితే `SUBTOTAL` కనిపించే వరుసల్నే కూడుతుంది. ఫిల్టర్ తీయకుండా మొత్తం చూసి ఫ్లాట్‌కి ఇంత అని చెప్పకండి. కొందరు `9` బదులు `109` రాస్తారు. అది చేత్తో హైడ్ చేసిన వరుసల్ని కూడా వదిలేస్తుంది. బడ్జెట్‌కి అది ప్రమాదం, `9` దగ్గరే ఉండండి.

శాతాల విషయానికొస్తే, D కాలమ్‌లో అన్ని వరుసలకీ ఒకటే ఫార్ములా పెట్టండి, సబ్‌టోటల్ వరుసలకి కూడా. D3లో ఇలా:

```
=IF(ISNUMBER(C3),C3/C$18,"")
```

డాలర్ గుర్తు వల్ల ఫార్ములాని కిందికి లాగినా 18 మారదు, దాని పని అంతే. "డాలర్ పెట్టాను కదా, వరుస చేరిస్తే మొత్తం 19కి జరుగుతుంది, మరి ఇది 18నే చూస్తుందేమో" అని మా సెక్రటరీగారు భయపడ్డారు. అలా జరగదండీ. వరుస చేర్చగానే `C$18` తనంతట తానే `C$19` అవుతుంది. కొత్త వరుసలో D సెల్ మాత్రం ఖాళీగా ఉండొచ్చు. పై సెల్‌నీ దాన్నీ కలిపి ఎంచుకుని `Ctrl+D` కొట్టండి.

శాతాలు కలిపితే వంద రాకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, ఖర్చుల శాతాలూ సబ్‌టోటల్ శాతాలూ కలిపి కూడటం, అప్పుడు 200 వస్తుంది. రెండోది అసలు తప్పే కాదు. ట్యాంకర్లు చేర్చాక మా మొత్తం 44,000. జీతాలు 36.36, కరెంటు-నీళ్లు 45.45, రిపేర్లు 18.18 శాతం. పాయింట్ లేకుండా చూపిస్తే 36, 45, 18, కూడితే 99. ఒక అంకె దాకా చూపిస్తే 36.4, 45.5, 18.2, అంటే 100.1. లోపలున్న విలువ సరిగ్గా వందే. దీన్ని సరిచేయాలని `ROUND` పెట్టకండి, అప్పుడు నిజంగానే తప్పవుతుంది. ఒక్క దశాంశం దాకా చూపించి, మొత్తం వరుసలో కూడా పై ఫార్ములానే ఉంచండి, 100 అని చూపిస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చేది తనిఖీ సెల్. C కాలమ్‌కి దూరంగా F1లో ఇది పెట్టాను:

```
=SUM(C1:C17)-2*C18
```

`SUM` ఖర్చుల్నీ, సబ్‌టోటల్స్‌నీ రెండింటినీ కూడుతుంది. ప్రతి ఖర్చూ ఏదో ఒక సబ్‌టోటల్‌లో ఉంటే అది మొత్తానికి సరిగ్గా రెట్టింపు కావాలి, అంటే F1లో సున్నా రావాలి. ట్యాంకర్ వరుస సబ్‌టోటల్‌కి బయట పడిందనుకోండి. ఖర్చులు 44,000, సబ్‌టోటల్స్ 36,000, కలిపి 80,000. దాంట్లోంచి 88,000 తీసేస్తే -8,000. ఎంత తప్పిపోయిందో ఆ అంకే చెప్పేస్తుంది. ఎవరైనా సబ్‌టోటల్ మీద పొరపాటున అంకె టైప్ చేసినా, అక్కడ `SUM` రాసినా కూడా సున్నా రాదు. ఫిల్టర్ ఆన్‌లో ఉండిపోయి ఖర్చు వరుసలు దాక్కున్నా ఇది పట్టిస్తుంది.

దీనికి దొరకని తప్పు ఒకటుంది. మనలో చాలామందికి 8000/- అని రాసే అలవాటు. అలా కొడితే షీట్ దాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది, ఏ కూడికలోనూ రాదు, తప్పని కూడా చెప్పదు. ఆ సెల్‌లో అంకె ఎడమ పక్కకి అంటుకుని ఉంటుంది, పక్కన శాతం ఖాళీగా ఉంటుంది. మా డీజిల్ వరుసలో ఒక నెల ఇలాగే దొరికింది. F2లో ఇది పెట్టండి, సున్నా కాకపోతే అలాంటి సెల్స్ ఎన్నున్నాయో చెప్తుంది (చివర్లో 1 తీసేసేది C1 శీర్షిక కోసం):

```
=COUNTA(C1:C17)-COUNT(C1:C17)-1
```

/- కనిపించాల్సిందే అని మీ కమిటీవాళ్లు అంటే, అంకె మామూలుగా కొట్టి, కస్టమ్ నంబర్ ఫార్మాట్‌లో `#,##0"/-"` అని పెట్టండి. 8,000/- అని కనిపిస్తుంది, లోపల మాత్రం అంకెగానే ఉంటుంది.

మార్చాక ఒక్కసారి పరీక్షించండి. ప్రతి విభాగంలో బూడిద గీతకి పైన ఒక వరుస చేర్చి 1 అని కొట్టండి. ఆ సబ్‌టోటల్, మొత్తం రెండూ ఒక్కొక్కటి పెరగాలి, F1 సున్నాగానే ఉండాలి. తర్వాత ఆ వరుసలు డిలీట్ చేయండి. నేను ప్రతి ఏప్రిల్‌లో కొత్త ఏడాది షీట్ కాపీ తీసినప్పుడు ముందు చేసే పని ఇదే. మీ షీట్‌లో సబ్‌టోటల్, మొత్తం సెల్స్‌లో ప్రస్తుతం ఉన్న ఫార్ములాలు ఇక్కడ పెడితే, ఏది ఎలా మార్చాలో చూసి చెప్తాను.