మ్యాట్రిమోనీ ప్యాకేజీ: కట్టే ముందు చూడాల్సినవి

"గాజువాకలో ఉంటాం. తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. మూడు నెలల ప్యాకేజీ కట్టొచ్చా? నచ్చకపోతే డబ్బు తిరిగిస్తారా?"

కట్టొచ్చండి, కానీ డబ్బు తిరిగి వస్తుందనుకోకండి. మేం మా చెల్లికి కట్టిన సైట్‌లో ప్యాకేజీ మొదలైతే రీఫండ్ లేదని షరతుల్లోనే రాసి ఉంది. ఫోన్‌లో అమ్మినమ్మాయి మాత్రం "చూద్దాం సార్" అంది. అందుకే ఏ హామీ అయినా మెయిల్‌లో రాయించుకోండి.

మాకు 40 నంబర్లు చూసే అవకాశం ఇచ్చారు. ఫొటోలు చూసి మొదట 15 తెరిచాం. ఆరుగురు ఫోన్ ఎత్తలేదు, నలుగురికి అప్పటికే పెళ్లయిపోయింది. చాలా బాధేసింది. ఆ తర్వాత వారంలోపు లాగిన్ అయిన ప్రొఫైళ్లకే ముందు ఉచితంగా ఆసక్తి పంపి, ఒప్పుకున్నాకే నంబర్ తెరిచాం. మిగతా 25లో 17 మంది మాట్లాడారు. మధురవాడ సంబంధం అలాగే కుదిరింది.

మీరూ ఉచిత ఖాతాతోనే విశాఖలో ఈ వారం లాగిన్ అయినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. పదిమంది కూడా లేకపోతే కట్టకండి.

సపోర్ట్ వాళ్లు పెద్ద ప్యాకేజీ అమ్మడానికే ఎక్కువ ఫోన్ చేశారు. కట్టిన రోజే యూపీఐ యాప్‌లో ఆటోపే ఉందేమో చూసి రద్దు చేయండి. చెప్పకుండా డబ్బు కోస్తే స్క్రీన్‌షాట్లతో 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయొచ్చు.