రైఫిల్ గురి రహస్యం గొట్టంలోని గాడులే

ప్రశ్న: లోడ్ చేయడానికి ఎక్కువ టైమ్ పట్టినా, గురి విషయంలో నున్నటి గొట్టం మస్కెట్ కన్నా రైఫిల్ ఎందుకు మెరుగ్గా ఉండేది?

అంతా గుండుకీ గొట్టానికీ మధ్య ఉన్న సందులోనే ఉంది. బ్రిటిష్ సైన్యం వాడిన బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు, సీసపు గుండు దాదాపు 17.5. ఈ వదులు కావాలనే ఉంచారు. తుపాకీ మందు మసి పేరుకున్నా గుండు సులువుగా దిగాలి, నిమిషానికి మూడుసార్లు పేల్చగలగాలి. కానీ పేల్చినప్పుడు ఆ గుండు గోడలకు కొట్టుకుంటూ వస్తుంది. చివరిగా తగిలిన చోటును బట్టి ఏదో ఒక వైపు తిరుగుతూ బయటపడుతుంది. ఆ తిరుగుడుకు గాలి దాన్ని పక్కకు నెడుతుంది. ప్రతిసారీ వేరే వైపు పోతుంది కాబట్టి గురి సరిచేసుకునే దారే లేదు.

1800లో వచ్చిన బేకర్ రైఫిల్ గొట్టంలో ఏడు మెలితిరిగిన గాడులుండేవి. గ్రీజు రాసిన తోలుముక్కలో చుట్టి దింపిన గుండు గాడులను పట్టుకుని, వెళ్లే దిశే ఇరుసుగా బొంగరంలా తిరిగేది. అందుకే పక్కకు లాగేది కాదు. మస్కెట్‌తో 100 గజాలు దాటితే ఒక మనిషికి తగలడం అదృష్టమే, బేకర్ రైఫిల్‌తో మంచి సైనికుడు 200 గజాల్లో కొట్టగలిగేవాడు.

లోడింగ్ ఆలస్యానికి కారణం కూడా ఆ బిగుతే. మసి పేరుకునే కొద్దీ గుండును దింపడం ఇంకా కష్టమయ్యేది. అందుకే బారులు తీరి కాల్చే సైనికులకు మస్కెట్‌నే ఉంచి, విడివిడిగా గురిచూసే దళాలకు రైఫిల్ ఇచ్చారు. 1840ల చివర్లో వచ్చిన మినియే గుండు వదులుగా దిగి, పేలగానే బోలుగా ఉన్న దాని అడుగు వ్యాకోచించి గాడుల్లో బిగిసేది. ఆ తర్వాత మస్కెట్‌కు వేగం అనే లాభం కూడా మిగల్లేదు.