చికెన్ కడగాలా, వద్దా?

చికెన్ కడక్కుండా వండుతుంటే చూడలేకపోతున్నానని, మీ రూమ్మేట్ మాత్రం కడగొద్దని పట్టుబడుతోందని రాశారు. ఈ విషయంలో ఆమె మాటే వినండి. కాకపోతే కడగడం మానేస్తే పని అయిపోయినట్టు కాదు, అది ఆమెకీ చెప్పాలి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఒక ఆదివారం చికెన్‌ని ట్యాప్ కింద పెట్టి నాలుగైదు సార్లు కడిగాను. సింక్‌లో నీళ్లు కొట్టి, అందులోనే కీరదోసకాయలు కడిగి ముక్కలు కోశాను. కూర అరగంట పైగా ఉడికింది, దానిలో ఏ లోపమూ లేదు. మూడో రోజున మా అబ్బాయికి జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. పరీక్షలో క్యాంపిలోబ్యాక్టర్ అని తేలింది. ఇది పచ్చి కోడిమాంసంలో తరచుగా ఉండే బ్యాక్టీరియా. ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది కాబట్టి, ఆదివారం తిన్నదాని మీదికి ఎవరికీ అనుమానం పోదు. కూరలో ఉన్నది పొయ్యి మీదే చచ్చిపోయింది. పచ్చిగా తిన్న దోసకాయ ముక్కలకు పొయ్యి ఎక్కడిది?

నీళ్లు బ్యాక్టీరియాను చంపవు, ముక్క మీద నుంచి పూర్తిగా వదిలించనూ లేవు. ఉప్పు, నిమ్మరసం, వెనిగర్ పట్టించినా అంతే, వాసన తగ్గుతుందేమో గానీ క్రిములు పోతాయన్న భరోసా లేదు. పైగా మాంసం మెత్తగా ఉంటుంది, ధార పడినచోట చిన్న గుంటలా నొక్కుకుపోయి నీళ్లు ఎగిరి చిందుతాయి. ట్యాప్ ఎంత ఎత్తులో ఉంటే చిందడం అంత ఎక్కువ. పక్కన ఆరబెట్టిన గిన్నెల మీదా, గట్టు మీదా, మీ చొక్కా మీదా పడే ఆ తుంపరలు కంటికి కనబడవు.

ఇప్పుడు మీ రూమ్మేట్‌కి చెప్పాల్సిన సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ, నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీతో కలిసి చేసిన ఒక పరిశీలన వివరాలు 2019లో బయటపెట్టింది. హాని చేయని బ్యాక్టీరియా పూసిన చికెన్ ఇచ్చి, దానితో పాటు సలాడ్ కూడా చేయమన్నారు. చికెన్ కడిగినవాళ్లలో 26 శాతం మంది సలాడ్‌లోకి ఆ బ్యాక్టీరియా చేరింది. కడగనివాళ్లలోనూ 31 శాతం మంది సలాడ్‌లోకి చేరింది! చేతులు సరిగ్గా కడుక్కోకపోవడమే దానికి ముఖ్య కారణమని వాళ్లు చెప్పారు.

అందుకే నేను ఇప్పుడు వరస మార్చాను. పచ్చిగా తినేవన్నీ ముందే కడిగి, కోసి, మూతపెట్టి దూరంగా ఉంచుతాను. ఉప్పు, కారం, మసాలా కావలసినంత చిన్న గిన్నెలోకి తీసేస్తాను, లేకపోతే చికెన్ అంటిన చేత్తోనే డబ్బాల మూతలు తిప్పుతాం. ప్యాకెట్ కత్తిరించి ముక్కలు నేరుగా గిన్నెలోకి వేస్తాను. అడుగున కనబడే ఎర్రటి నీరు రక్తం కాదు, చాలావరకు మాంసంలోంచి ఊరిన నీళ్లు, ప్రొటీను. అది ఇష్టం లేకపోతే పేపర్ టవల్‌తో అద్ది తీసేయండి. ఈకల మొదళ్లు, ఎముక పొడి ఉన్నా దానితోనే తుడిచి, నేరుగా చెత్తబుట్టలో వేయండి. ఆ వెంటనే సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోవాలి, ట్యాప్ పిడినీ కడగాలి, ఎందుకంటే దాన్ని తిప్పింది ఆ చెయ్యే. బోర్డు, కత్తి, సింక్ సబ్బు, వేడినీళ్లతో తోమాక వంటింటి శానిటైజర్ పూసి, సీసా మీద రాసినంతసేపు ఉంచండి. జిడ్డు పోకుండా పూస్తే అది సరిగ్గా పనిచేయదు.

ఇంత చెప్పినా కడక్కుండా మీకు ముద్ద దిగదంటే, ధార కింద మాత్రం పెట్టకండి. ముందు సింక్, చుట్టుపక్కల ఖాళీ చేయండి. లోతైన గిన్నెలో నీళ్లు పోసి ముక్కలు మెల్లగా ముంచి తీసి, ఆ నీళ్లు సింక్ అడుక్కి ఆనించి నెమ్మదిగా వంపండి. తర్వాత పైన చెప్పిన శుభ్రం అంతా చేయాల్సిందే.

మటన్ లాంటి వేరే మాంసం ముక్కలకైనా ఇదే పద్ధతి. పుల్లటి కుళ్లు వాసన వచ్చి, జిగటగా తగిలితే ఎన్నిసార్లు కడిగినా బాగుపడదు, పారేయండి. చికెన్ ఉడికిందో లేదో రంగు చూసి నమ్మకండి, తెల్లబడినా లోపల వేడి చాలకపోవచ్చు. ఒక ఫుడ్ థర్మామీటర్ కొనుక్కుని, అన్నిటికన్నా మందంగా ఉన్న ముక్కలో, ఎముకకు తగలకుండా గుచ్చండి. 74 డిగ్రీల సెల్సియస్, అంటే 165 ఫారెన్‌హీట్ చూపిస్తే దించేయొచ్చు.